లాటిస్‌లో రంధ్రాలున్నాయన్నారు. మెరుపుల్లేవు, ఓసీటీ నార్మల్. ఎవరి మాట పట్టుకోవాలి?

కిరణ్మయి_మైనస్10
అందరికీ నమస్తే. నా వయసు 29. కుడి కన్ను మైనస్ 9.5, ఎడమ కన్ను మైనస్ 10.5. ఆరో తరగతి నుంచీ అద్దాలే. నాలుగేళ్ళుగా పవర్ కదల్లేదు. ఏటా వెళ్ళి అక్షరాలు చదివి, పవర్ అంతే ఉందని తెలుసుకుని వచ్చేస్తుంటాను. కంటి చెకప్ అంటే అదేననుకున్నా ఇన్నాళ్ళూ.

పోయిన నెల ఒకచోట ఓసీటీ అని రెటీనా పొరల స్కాన్ తీశారు. రెండు కళ్ళకీ నార్మల్ అని రాసిచ్చారు. నిన్న కాంటాక్ట్ లెన్సుల కోసం వేరే డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే చుక్కలు వేసి అరగంట కూర్చోబెట్టారు. తర్వాత తలకి లైటు కట్టుకుని, చేతిలో ఓ భూతద్దం లాంటిది పట్టుకుని చాలాసేపు చూశారు. ఎడమ కంట్లో కింద చెవి వైపు లాటిస్ అని, కంటి వెనక పొర రెటీనా పల్చబడ్డ చోటు ఉందట, అందులో రెండు చిన్న రంధ్రాలున్నాయట. "రెటీనా వాళ్ళకి చూపించండి, మరీ ఆలస్యం చెయ్యకండి" అని చీటీ ఇచ్చారు.

నాకు మెరుపులు లేవు, నల్ల చుక్కలు లేవు, అద్దాలు పెట్టుకుంటే చూపు బాగానే ఉంది. అంత ఖరీదైన మెషీన్‌కి కనపడనిది ఈయనకి ఎలా కనపడింది? అసలు నాలాంటి పవర్ ఉన్నవాళ్ళకి ఏటా ఏం చూడాలి?

సుధీర్_అద్దాల్లేవు
టెన్షన్ పడకండి. రెటీనా ఊడేటప్పుడు మూడు గుర్తులు కనపడతాయి. మెరుపులు, ఉన్నట్టుండి బోలెడు నల్ల చుక్కలు, పక్క నుంచి తెర దిగినట్టు అవడం. ఈ మూడూ లేకపోతే ఊడట్లేదని అర్థం. నాకూ మైనస్ 8 ఉండేది. ఆరేళ్ళ కింద లాసిక్ చేయించుకున్నా, ఇప్పుడు సున్నా. మీరూ చేయించేసుకోండి. సైటే లేకపోతే దానితో వచ్చే ఈ గొడవలూ ఉండవు.

ఆప్టోమ్_ప్రసన్న
రెటీనా క్లినిక్‌లో ఆప్టోమెట్రిస్టుగా 14 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. కిరణ్మయి గారూ, ముందు మీ ఓసీటీ సంగతి. ఆ మెషీన్ తప్పు చెప్పలేదు. మామూలుగా తీసే ఓసీటీ రెటీనా నడిమధ్యన ఓ ఆరు మిల్లీమీటర్ల మేర చూస్తుంది. మీరు చదివేదీ, మొహాలు గుర్తుపట్టేదీ ఆ భాగంతోనే కాబట్టి అది ముఖ్యమే. కానీ లాటిస్ ఉండేది అంచుల్లో. వంటి మీద ఎక్కడో పుండుందా అని అడిగితే మొహం ఫోటో తీసి "ఏమీ లేదు" అన్నట్టు అయింది మీ రిపోర్టు. ఆయన తలకి లైటు కట్టుకుని చూసింది ఆ అంచుల్ని.

సుధీర్ గారూ, మీది మాత్రం సగమే నిజం. మైనస్ 8 అంటే చాలావరకు కంటిగుడ్డు పొడవైందని అర్థం. మామూలు కన్ను ముందు నుంచి వెనక్కి 24 మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మైనస్ 8, 10 వాళ్ళది 27, 28 దాకా సాగి ఉంటుంది. గుడ్డు సాగింది కదా అని రెటీనా కొత్తగా పుట్టుకురాదు. ఉన్నదే సాగి పల్చబడుతుంది. లాసిక్‌లో చెక్కేది ముందున్న అర మిల్లీమీటరు కార్నియాని. వెనక గోడకి ఆ విషయమే తెలీదు. మీ అద్దాలు పోయాయి, మీ కన్ను మాత్రం ఇప్పటికీ మైనస్ 8 కన్నే. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చుక్కలు వేసి చూశారా?

ఇక మెరుపుల మాట. కంటి లోపల జెల్లీ లాంటి విట్రియస్ ఉంటుంది. వయసుతో అది ముడుచుకుని రెటీనా నుంచి విడిపోతుంది. హై మయోపియా, అంటే మీలాంటి పెద్ద మైనస్ పవర్, ఉన్నవాళ్ళకి మిగతావాళ్ళ కంటే ఏళ్ళ ముందే విడిపోతుంది. విడిపోయేటప్పుడు ఎక్కడైనా గట్టిగా అతుక్కుని ఉంటే అక్కడ లాగుతుంది. ఆ లాగుడుకే మెరుపులు. లాగి చింపితే రక్తపు చుక్కలు, మసి రాలినట్టు నల్ల చుక్కలు. మీరన్న గుర్తులు ఈ చినుగుకి సరిగ్గా వర్తిస్తాయి. అవి కనపడితే ఆ రోజే పరిగెత్తాలి, అందులో తేడా లేదు.

కానీ 20, 30 ఏళ్ళ హై మయోపియా వాళ్ళలో ఇంకో దారి ఉంది. లాటిస్ ఉన్నచోట రెటీనా తనంతట తానే అరిగి గుండ్రటి చిల్లు పడుతుంది. జెల్లీ ఇంకా అతుక్కునే ఉంటుంది కాబట్టి లాగుడు లేదు, మెరుపూ లేదు. ఆ చిల్లులోంచి ద్రవం నెమ్మదిగా రెటీనా కిందికి ఇంకుతుంది. ఇది ఎక్కువగా కిందివైపే జరుగుతుంది, నెలల తరబడి సాగుతుంది. రెటీనాకి నొప్పి తెలీదు.

పాతకళ్ళద్దాలు
ప్రసన్నమ్మ చెప్పిన ఆ రెండో దారి నాదే. నాకు 31 ఏళ్ళప్పుడు అయింది, ఇప్పుడు 47. మైనస్ 12 ఉండె.

ఒకనాడు పొద్దున కుడి కంట్ల నలుసు పడ్డది. మూసుకుని రుద్దుకుంటున్న. ఎదురుగా గోడ మీద గడియారం చూస్తే పైసగం లేదు. పన్నెండు లేదు, ఒంటిగంట లేదు, కింద ఆరు మాత్రం కనపడుతున్నది. గడియారానికి ఏమన్న అయిందా అనుకున్న. నలుసు కన్ను తెరిస్తే గడియారం నిండుగ ఉన్నది. మళ్ళ మూస్తే సగమే. గంతే, ఇంక నవ్వు రాలే.

డాక్టర్ చూసి, ఇది ఇయ్యాల నిన్న అయింది కాదు, కనీసం మూడు నెలలది అన్నడు. నీకెట్ల తెలుసు అంటే, ఊడిన భాగానికీ ఊడని భాగానికీ నడుమ గోధుమ రంగు గీత పడ్డదట. కొన్నాళ్ళు ఒక్కకాడ ఆగి మళ్ళ ముందుకు జరిగింది అనేతందుకు అదే సాక్ష్యం అన్నడు. ఆ మూడు నెలలు నేను బండి నడిపిన, లెక్కలు రాసిన, ఏం తెల్వలే. మెరుపు అనేది ఒక్కటి కూడ రాలే.

కంటి చుట్టూ బెల్టు లాంటిది కుట్టిండ్రు, బకుల్ అంటరు. రెటీనా అతుక్కున్నది. కని అప్పటికే నడిమధ్య దాకా లేచి ఉండె, అందుకని ఆ కంటి చూపు 6/18 కాడ ఆగిపోయింది. ఇంకోటి ఎవ్వరు ముందు చెప్పలే, బెల్టు బిగిస్తే గుడ్డు ఇంకింత పొడుగైతదట. మైనస్ 12 కాస్త మైనస్ 14 అయింది.

చెల్లె, మెరుపులు లెవ్వని కూసోకు.

కిరణ్మయి_మైనస్10
అన్నా, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. మూడు నెలలు తెలియకపోవడం ఎలా సాధ్యం? సగం గడియారం లేకపోతే తెలీదా?

ఆప్టోమ్_ప్రసన్న
తెలీదండీ. కెమెరాలో లాగా కంట్లో బొమ్మ తిరగబడి పడుతుంది. మీకు లాటిస్ ఉన్నది ఎడమ కంట్లో కింద చెవి వైపు. ఆ ముక్క చూసేది మీ ముందున్న లోకంలో పైన, ముక్కు వైపు ఉన్నదాన్ని. అంటే మీకు కుడివైపు పైభాగం. అదే భాగాన్ని మీ కుడి కన్ను కూడా చూస్తూనే ఉంటుంది. ఒకటి చూడకపోయినా రెండోది నింపేస్తుంది. ఏదో ఒకరోజు కుడి కన్ను మూస్తే తప్ప బయటపడదు.

అందుకే నా దగ్గరికొచ్చే హై మయోపియా వాళ్ళందరికీ ఒకటే చెప్తాను. వారానికోసారి ఓ కన్ను అరచేత్తో పూర్తిగా మూసి, అద్దాలు పెట్టుకునే, ఎదురుగా ఉన్న ఓ తలుపునో కిటికీనో చూడండి. నాలుగు మూలలూ కనపడుతున్నాయా, గీతలు తిన్నగా ఉన్నాయా అని. తర్వాత రెండో కన్ను. నిమిషం కూడా పట్టదు. ఇది చెకప్‌కి బదులు మాత్రం కాదు. చిన్న చిల్లు, దాని చుట్టూ కొంచెం ద్రవం ఇంట్లో ఏ పరీక్షకీ దొరకవు.

నీలిసంతకం
భయపెట్టడం బాగానే ఉంది గానీ కొంచెం లెక్కలు కూడా మాట్లాడుకుందాం. లాటిస్ వందలో ఎనిమిది మంది దాకా ఉంటుంది. వాళ్ళందరికీ రెటీనా ఊడుతోందా? అమెరికాలో ఒక డాక్టరు లేజర్ చెయ్యకుండా వదిలేసిన లాటిస్ కళ్ళు 423ని సగటున 11 ఏళ్ళ పాటు గమనించి 1989లో ప్రచురించాడు. ఊడినవి మూడు. మూడంటే మూడు. అయినా ఏ క్లినిక్‌కి వెళ్ళినా లాటిస్ అనగానే లేజర్ కుర్చీ ఎక్కించేస్తున్నారు. నన్నూ ఎక్కించబోయారు, దిగి వచ్చేశా. తొమ్మిదేళ్ళయింది, ఏమీ కాలేదు. కిరణ్మయి గారూ, రెటీనా డాక్టర్ లేజర్ అంటే రెండో అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోకండి.

ఆప్టోమ్_ప్రసన్న
మీరు చెప్పిన అధ్యయనం నిజమే. లక్షణాలేమీ లేని లాటిస్‌కి అందరికీ లేజర్ అక్కర్లేదన్నదానికి ఇప్పటికీ దాన్నే చూపిస్తారు. మా క్లినిక్‌లో కూడా వట్టి లాటిస్‌ని, ఒక్కోసారి రంధ్రాలున్న లాటిస్‌ని కూడా, బొమ్మ గీసుకుని వదిలేస్తారు. అక్కడిదాకా మీతో నాకు పేచీ లేదు.

కానీ ప్రశ్న "లాటిస్ ఉందా" అన్నది కాదు. "రంధ్రం చుట్టూ రెటీనా అతుక్కునే ఉందా, కింద ద్రవం చేరిందా, చేరితే ఎంత దూరం" అన్నది. మెరుపులున్నాయా, రెండో కన్ను ఇదివరకు ఊడిందా, మళ్ళీ చూపించుకోడానికి ఈ మనిషి నిజంగా వస్తారా అనేవి తర్వాత. ఇవేవీ తెలియకుండా వద్దనడమూ, చెయ్యమనడమూ రెండూ గుడ్డి లెక్కలే. మీ తొమ్మిదేళ్ళలో ఎన్నిసార్లు చుక్కలు వేయించుకుని చూపించుకున్నారు?

నీలిసంతకం
రెండుసార్లు. సరే, ఒకటిన్నర సార్లు. ఒకసారి చుక్కలు సరిగా పని చెయ్యలేదు, మధ్యలోనే వచ్చేశా.

మంజులత_7వనెల
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు మైనస్ 9. ఏడో నెల. నొప్పులు పడితే రెటీనా ఊడిపోతుంది, ఆపరేషనే చేయించుకోవాలి అని మా అత్తయ్య గారు, ఇంకో ఇద్దరు అన్నారు. అంటే నాకూ లాటిస్ ఉన్నట్టేనా?

ఆప్టోమ్_ప్రసన్న
మంజులత గారూ, లాటిస్ ఉందో లేదో చూస్తే గానీ తెలీదు, పవర్‌ని బట్టి చెప్పలేం. కాన్పు నొప్పుల వల్ల రెటీనా ఊడుతుందన్నదానికి ఆధారం లేదు. లాటిస్ ఉన్నవాళ్ళని, ఇదివరకు రెటీనా ఆపరేషన్ అయినవాళ్ళని కూడా కాన్పుకి ముందూ తర్వాతా పరీక్షించి చూశారు, తేడా రాలేదు. హై మయోపియా ఒక్కటే కారణంగా సిజేరియన్ అక్కర్లేదు. వేరే కారణాలుంటే అది మీ గైనకాలజిస్టు గారి నిర్ణయం. కంటి పరీక్షకి వెళ్ళినప్పుడు చుక్కలు వెయ్యకముందే ఏడో నెల అని చెప్పండి.

కిరణ్మయి_మైనస్10
రేపు సాయంత్రానికి రెటీనా డాక్టర్ గారి అపాయింట్‌మెంట్ దొరికింది. ప్రసన్న గారూ, అక్కడ ఏం అడగాలో చెప్తారా? ఎప్పటిలా అక్షరాలు చదివి బయటికి రాకూడదు.

ఆప్టోమ్_ప్రసన్న
చుక్కలు రెండు మూడు విడతలు వేస్తారు. నల్ల కళ్ళకి ఒక్క విడత చాలదు ఒక్కోసారి. పాప పూర్తిగా విచ్చుకోవడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట, మళ్ళీ మామూలవడానికి నాలుగైదు గంటలు. బండి నడుపుకుంటూ వెళ్ళకండి. కాంటాక్ట్ లెన్సులుంటే తీసేసి వెళ్ళాలి.

పడుకోబెట్టి లైటుతో చూస్తూ పైకి, కిందికి, నాలుగు పక్కలకీ, మూలలకీ చూడమంటారు. మీరు అడగాల్సింది ఆ తర్వాతి పని. రెప్ప మీద నుంచి సన్నని మొద్దు పుల్ల లాంటి పరికరంతో కంటి గోడని లోపలికి నొక్కి చూస్తారు. అంచున దాక్కున్నది నొక్కితే ఎత్తుకొచ్చి కనపడుతుంది. రంధ్రం నోరు తెరుస్తుంది, పక్కన ద్రవం ఉంటే రెటీనా బూడిదగా తేలుతుంది. హాయిగా ఉండదు, కళ్ళల్లో నీళ్ళొస్తాయి, కానీ నొక్కకుండా "అంచులు బాగున్నాయి" అన్న మాటకి విలువ తక్కువ. "నొక్కి చూశారా?" అని మర్యాదగా అడగొచ్చు, తప్పేం లేదు.

కొన్నిచోట్ల చుక్కలు లేకుండా వైడ్ ఫోటో తీసి పంపించేస్తారు. ఫోటో మంచిదే, వచ్చే ఏడాదికి పోల్చుకోడానికి దాచుకోవచ్చు. అయితే పైనా కిందా రెప్పలు, వెంట్రుకలు అడ్డొచ్చి సరిగా పడదు. మీకు జబ్బున్నది సరిగ్గా కిందనే.

చూసినదంతా గడియారం బొమ్మలో గీస్తారు, ఎన్ని గంటల దగ్గర ఏముందో. ఆ బొమ్మ కాపీ అడిగి తీసుకోండి. ఆరు నెలల తర్వాత వేరే డాక్టర్ చూసినా "ఇది అప్పుడూ ఉందా, కొత్తదా" అన్న ప్రశ్నకి జవాబు అందులోనే ఉంటుంది. నాకైతే రోగి తెచ్చే కాగితాల్లో అన్నిటికంటే విలువైనది అదే.

కంటి పొడవు కూడా కొలిపించుకోండి. పవర్ కంటే నికరమైన లెక్క అది. ఇక ఓసీటీ అక్కర్లేదా అంటే, అక్కర్లేదని నేననలేదు. నడిమధ్యన పల్చబడటం, పొరలు చీలడం దానికే దొరుకుతాయి. కంటి ప్రెషర్, వెనక నరం కూడా చూడాలి, హై మయోపియా వాళ్ళకి గ్లకోమా అవకాశం ఎక్కువ. ఓసీటీ నరం రిపోర్టులో ఎర్ర రంగు కనపడితే మాత్రం వెంటనే గుండె జార్చుకోకండి. ఆ మెషీన్ మామూలు కళ్ళతో పోల్చి రంగు వేస్తుంది, పొడవాటి కన్ను ఊరికే ఎర్రగా వస్తుంటుంది. ఏటేటా మారుతోందా అన్నదే చూడాలి.

భాస్కరం61
ఏటా చెకప్ అనుకుని ధీమాగా ఉండేవాళ్ళకి నాదో మాట. నాకు మైనస్ 13. ఫిబ్రవరిలో చుక్కలు వేసి చూసి, వెనక రెటీనా పల్చగా ఉంది, పగుళ్ళ గీతలున్నాయి గానీ ప్రస్తుతం పరవాలేదన్నారు. ఏప్రిల్లో కుడి కంటికి తలుపు గడప మధ్యలో వంగినట్టు కనపడింది. ఇప్పుడేగా చూపించుకున్నాం, అద్దాల తేడా అయ్యుంటుంది అని ఐదు వారాలు గడిపేశాను. చదువుతుంటే పదాల్లో ఒకటి రెండు అక్షరాలు మాయమవడం మొదలయ్యాక వెళ్ళాను.

ఆ పగుళ్ళలోంచి కొత్త రక్తనాళాలు మొలిచాయట. కంట్లో ఇంజెక్షన్లు మూడు పడ్డాయి. కారడం ఆగింది, వంపు కొంత తగ్గింది, కానీ మధ్యన మచ్చ మిగిలింది. మొదటి వారంలో వచ్చుంటే మచ్చ చిన్నదయ్యేదని డాక్టర్ గారు మెల్లగానే అన్నారు, నాకే గట్టిగా వినపడింది. ఫిబ్రవరి రిపోర్టు అబద్ధం కాదు. అది ఫిబ్రవరిది, అంతే.

ఆప్టోమ్_ప్రసన్న
భాస్కరం గారూ, ఇది ఇక్కడ రాసినందుకు ధన్యవాదాలు. గీత వంగడం అన్నది అంచు జబ్బు కాదు, నడిమధ్య జబ్బు. నేను వారానికోసారి కిటికీ చూడమన్నది సగం దీనికోసమే. అద్దాల షాపుకి వెళ్ళాల్సిన లక్షణం కాదది.

కిరణ్మయి_మైనస్10
చూపించుకొచ్చాను. పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

పొడవు కుడి 27.4, ఎడమ 28.0. ప్రెషర్ రెండూ బాగున్నాయి. డాక్టర్ గారు అడక్కముందే నొక్కి చూశారు. కుడి కంట్లో 11 గంటల దగ్గర లాటిస్, రంధ్రం లేదు. ఎడమ కంట్లో 4 నుంచి 5 గంటల మధ్య లాటిస్, రెండు రంధ్రాలు. ఒకదాని చుట్టూ రెటీనా అతుక్కునే ఉంది. రెండోదాని చుట్టూ ద్రవం. ఎంత అంటే, కంటి నరం తల ఎంత వెడల్పుంటుందో దానికి ఒకటిన్నర రెట్లు దూరం పాకిందట. నా చూపులో ఇసుమంత తేడా లేదు! కుడి కన్ను మూసి తలుపు నాలుగు మూలలూ చూశాను, అన్నీ ఉన్నాయి.

నీలిసంతకం గారి ప్రశ్న నేనే అడిగాను, లేజర్ చెయ్యకపోతే ఏమవుతుందని. ఆయన చెప్పింది ఇది. ద్రవం లేకపోతే ఆరు నెలలకి రమ్మని పంపేసేవాణ్ణి. చేరిన ద్రవం అక్కడే ఆగిపోవచ్చు, కొందరికి ఏళ్ళ తరబడి ఆగుతుంది. మీ వయసుకీ ఈ పొడవుకీ ఆగుతుందని పందెం కాయలేను. ఇప్పుడు లేజర్‌తో సరిపోయేది, పాకితే ఆపరేషన్ అవుతుంది.

అదే రోజు చేశారు. ద్రవం ఉన్నచోట లేజర్ పట్టదట, రెటీనా కింద గోడకి ఆనుకుని ఉంటేనే అతుకుతుంది. అందుకని ద్రవానికి బయట, అతుక్కున్న భాగంలో మూడు వరసలు, కంచె వేసినట్టు. ముందువైపు రెటీనా అంచు దాకా రెండు చివరలూ కలిపేశారు, లేకపోతే ద్రవం పక్కదారి పడుతుందట. పావుగంట పట్టింది. ఆకుపచ్చ వెలుగు టప్ టప్‌మని. ఎక్కువ నొప్పి లేదు గానీ ఒకటి రెండుచోట్ల పన్ను జివ్వుమన్నట్టు అనిపించింది. గట్టిపడటానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుందన్నారు. రెండు వారాలకి చూపించుకోవాలి, తర్వాత మూడు నెలలకి, ఆ పైన ఆరు నెలలకోసారి. కుడి కంటిని ముట్టుకోలేదు.

నీలిసంతకం
ద్రవం ఉందన్నాక నేనైనా చేయించుకునేవాణ్ణే. ఒప్పుకుంటున్నా. కానీ కుడి కంటికి చెయ్యలేదు చూశారా. నేను దిగి వచ్చేసిన క్లినిక్‌లో అయితే అదే ఊపులో రెండూ చేసేసేవాళ్ళు.

పాతకళ్ళద్దాలు
నాకు రెండో కన్నుకు కూడ చేసిండ్రు, రంధ్రం లేకున్న. ఒక కన్ను పోగొట్టుకున్నోనివి, ఇంకోదానితోని ఆటలాడొద్దు అన్నడు డాక్టర్. 16 ఏళ్ళు అయింది, మంచిగనే ఉన్నది. లేజర్ వల్లనే మంచిగున్నదా, చెయ్యకున్న మంచిగనే ఉండెనా, ఎవ్వలు చెప్తరు?

ఆప్టోమ్_ప్రసన్న
ఎవరూ చెప్పలేరన్నా. ఒక కన్ను ఊడినవాళ్ళ రెండో కంటి లాటిస్‌కి లేజర్ చెయ్యాలా వద్దా అన్నదాని మీద మా క్లినిక్‌లో ఇద్దరు డాక్టర్లకే పడదు. ఒకరు చేస్తారు, ఇంకొకరు బొమ్మ గీసి నాలుగు నెలలకి రమ్మంటారు. లేజర్ వేసిన చోట గట్టిపడుతుంది. చినుగు తర్వాత ఇంకోచోట, బాగున్నట్టు కనపడిన రెటీనాలో పడొచ్చు. కాబట్టి చేయించుకున్నా చెకప్ తప్పదు, అది ఒక్కటే ఇద్దరూ ఒప్పుకునేది.

సుధీర్_అద్దాల్లేవు
నేనూ వెళ్ళొచ్చా. కౌంటర్లో పవర్ ఎంత అంటే సున్నా అన్నా, అద్దాలక్కర్లేదు, రొటీన్ చెకప్ అని రాసుకుని చుక్కలు లేకుండానే పంపబోయారు. లాసిక్‌కి ముందు మైనస్ 8 అని చెప్తే అప్పుడు వేశారు. పాత కాగితాలు నా దగ్గర లేవు, మాట మీదే చెప్పా. పొడవు కొలిస్తే 26.9 వచ్చింది, "కాగితం అక్కర్లేదు, ఇదే చెప్తోంది" అన్నారు. లాటిస్ లేదు, అంచుల్లో పల్చగా ఉందన్నారు, ఏడాదికి రమ్మన్నారు. ప్రెషర్ 12. బాగుంది కదా అంటే, లాసిక్‌తో కార్నియా పల్చబడింది కాబట్టి మెషీన్ తక్కువ చూపిస్తుంది, అసలుది ఇంకా ఎక్కువుండొచ్చు అన్నారు. ఆరేళ్ళుగా ఈ మాట నాతో ఎవరూ అనలేదు.

కిరణ్మయి_మైనస్10
లేజర్ అయి ఇవాళ్టికి తొమ్మిదో రోజు. పొద్దున తెల్లగోడ చూస్తుంటే ఎడమ కంట్లో కొత్తగా ఓ చిన్న దారం ముక్క తేలుతోంది. ఒకటే. మెరుపుల్లేవు. వచ్చే వారం ఎలాగూ వెళ్ళాలి. అప్పటిదాకా ఆగొచ్చా?

ఆప్టోమ్_ప్రసన్న
ఆగకండి. ఏమీ కాకపోవచ్చు, కానీ అది ఇక్కడ కూర్చుని నేను చెప్పగలిగేది కాదు. ఫోన్ చేసి "తొమ్మిది రోజుల కింద లేజర్ అయింది, అదే కంట్లో కొత్త ఫ్లోటర్" అని అదే మాటల్లో చెప్పండి, ఇవాళే చూస్తారు. మళ్ళీ చుక్కలు వేస్తారు, ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి.

పాతకళ్ళద్దాలు
చెల్లె, ఏమాయె?

కిరణ్మయి_మైనస్10
ఇప్పుడే వచ్చా అన్నా, ఇంకా అక్షరాలు మసకగానే ఉన్నాయి, తప్పులుంటే సర్దుకోండి. నొక్కి మొత్తం చూశారు. కొత్త చినుగు లేదు. లేజర్ మచ్చలు తెలుపు పోయి గోధుమ రంగుకి తిరుగుతున్నాయట, ద్రవం కంచె దాటలేదు. ఆ దారం ముక్క ఎందుకొచ్చిందో ఆయనా ఖాయంగా చెప్పలేదు. రెండో వారం చెకప్ ఎప్పటిలాగే రమ్మన్నారు. కొత్త బొమ్మ గీసిచ్చారు, పాతదానితో కలిపి పిన్ను పెట్టి దాచాను.